ఒకే వరుస కణాల గోడలు

మన శరీరంలో ప్రతి అవయవానికీ వెలుపలో, లోపలో ఒక ఉపరితలం ఉంటుంది. ఊపిరితిత్తిలోని గాలి సంచికి, రక్తనాళానికి, మూత్రపిండంలోని సన్నని గొట్టానికి, పేగుకు లోపలి ఉపరితలం ఉన్నది. ఈ ఉపరితలాలను కప్పి ఉంచే కణాల పొరను ఉపకళ అంటారు. ఉపకళలోని కణాలు ఒకదానికొకటి గట్టిగా అంటుకొని, మధ్య సందు లేకుండా ఉంటాయి. వీటి అడుగున ఆధార త్వచం అనే పలుచని పొర ఉంటుంది. ఉపకళలోకి రక్తనాళాలు రావు. ఆధార త్వచం కింద ఉన్న రక్తనాళాల నుండే ఈ కణాలకు ఆహారం, ఆక్సిజన్ ఊరి చేరుతాయి.

చర్మం మీద ఉపకళ అనేక వరుసలుగా ఉంటుంది. అక్కడ రాపిడిని తట్టుకోవడం ముఖ్యం. పై వరుస అరిగిపోతే కింది వరుస పైకి వస్తుంది. కాని కొన్ని చోట్ల వస్తువులు ఈ గోడను దాటి అవతలికి పోవలసి ఉంటుంది. అలాంటి చోట్ల ఉపకళ ఒకే వరుసగా ఉంటుంది. దీనిని సరళ ఉపకళ అంటారు. కణాల ఆకారాన్ని బట్టి ఇందులో మూడు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. బల్లపరుపుగా ఉన్నవి శల్కల కణాలు. ఎత్తు, వెడల్పు దాదాపు సమానంగా ఉన్నవి ఘనాకార కణాలు. వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా ఉన్నవి స్తంభాకార కణాలు. ఏ చోట ఏ ఆకారం ఉంటుందనేది ఆ గోడ చేయవలసిన పనిని బట్టి ఉంటుంది.

శల్కల కణాన్ని పైనుంచి చూస్తే నేల మీద పరచిన బండలాగా కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే దారంలాగా సన్నగా ఉండి, నడుమ కేంద్రకం ఉన్నచోట మాత్రం కొంచెం ఉబ్బుగా ఉంటుంది. పెనం మీద కొట్టి పోసిన కోడిగుడ్డును గుర్తు చేసుకుంటే ఈ ఆకారం బోధపడుతుంది. ఊపిరితిత్తులలోని వాయుగోణుల గోడ ఎక్కువ భాగం ఇలాంటి కణాలతోనే ఏర్పడింది. గాలిలోని ఆక్సిజన్ ఈ గోడను దాటి, దానిని ఆనుకొని ఉన్న రక్తకేశనాళిక గోడను కూడా దాటి రక్తంలో చేరాలి. కేశనాళిక గోడలో ఉన్నవి కూడా శల్కల కణాలే. మిల్లీమీటరులో వెయ్యోవంతును ఒక మైక్రాన్ అంటారు. ఈ రెండు గోడలు కలిసి కూడా పలుచని చోట్ల సుమారు అర మైక్రాన్ మందమే ఉంటాయి. తల వెంట్రుక మందంలో ఇది నూరోవంతు కంటే తక్కువ.

ఆక్సిజన్‌ను దాటించడానికి శల్కల కణం ఏ శక్తినీ ఖర్చు చేయదు. ఆక్సిజన్ ఎక్కువ ఉన్న చోటి నుండి తక్కువ ఉన్న చోటికి తానే వ్యాపిస్తుంది. దారి ఎంత పొట్టిదైతే అంత త్వరగా దాటుతుంది. కనుక ఇక్కడ కణం చేయవలసిన పని పలుచగా ఉండటమే. న్యుమోనియా వచ్చినప్పుడు వాయుగోణులలో ద్రవం నిండుతుంది. గోడ అదే అయినా, దానికి ముందు ద్రవపు అడ్డు ఏర్పడుతుంది. అందువల్లనే రోగి ఎంత వేగంగా ఊపిరి తీసినా ఆక్సిజన్ చాలక ఆయాసపడతాడు. గుండె, రక్తనాళాల లోపలి గోడలలోను, గుండెను, ఊపిరితిత్తులను, ఉదరంలోని అవయవాలను కప్పి ఉంచే నున్నని పొరలలోను సరళ శల్కల ఉపకళే ఉంటుంది.

పలుచని కణానికి ఒక పరిమితి ఉన్నది. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలకు అందులో చోటు తక్కువ. కోరిన పదార్థాన్ని ఏరి, ఎదురు దిశలో మోసుకుపోవాలంటే కణానికి లోపల చోటు కావాలి. మూత్రపిండంలో ఈ అవసరం కనిపిస్తుంది.

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడకడతాయి. కాని మనిషి విసర్జించే మూత్రం రోజుకు ఒకటి, రెండు లీటర్లే. మిగిలినదంతా సన్నని గొట్టాల గోడల గుండా తిరిగి రక్తంలోకి పోతుంది. వడకట్టిన ద్రవం మొదట ప్రవేశించే మెలికల గొట్టంలో గోడ ఘనాకార కణాలతో ఉంటుంది. ఇవి బెల్లపు అచ్చులను పక్కపక్కన పేర్చినట్లు ఉంటాయి. కేంద్రకం గుండ్రంగా, నడుమ ఉంటుంది. గొట్టం లోపలి వైపున ఈ కణాలకు సూక్ష్మచూషకాలు అనే వేలకొద్దీ సన్నని వేళ్ల వంటి నిర్మాణాలు ఉంటాయి. అడుగు భాగంలో మైటోకాండ్రియాలు బారులు తీరి ఉంటాయి.

ఒక చిన్న లెక్క చూస్తే ఈ కణాల పని తెలుస్తుంది. ఆరోగ్యవంతుని రక్తద్రవంలో లీటరుకు సుమారు 1 గ్రాము గ్లూకోజ్ ఉంటుంది. 180 లీటర్లు వడకట్టినప్పుడు దానితో పాటు 180 గ్రాముల గ్లూకోజ్ కూడా గొట్టాలలోకి దిగుతుంది. ఘనాకార కణాలు దాదాపు అదంతా వెనక్కి తీసుకుంటాయి. అందుకే మామూలుగా మూత్రంలో చక్కెర కనిపించదు. కాని ఈ మోతకు ఒక హద్దు ఉన్నది. రక్తంలో గ్లూకోజ్ 100 మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే ఈ కణాలు అంతటినీ మోయలేవు. మిగిలినది మూత్రంలో పోతుంది. మధుమేహ రోగి మూత్రంలో చక్కెర కనిపించడానికి సాధారణంగా కారణం ఇదే. గొట్టం చెడిపోవడం వల్ల కాదు, మోయవలసిన భారం పెరగడం వల్ల అలా జరుగుతుంది. లాలాజల గ్రంథుల చిన్న నాళాలలోను, అండాశయం పైపొరలోను, అవటు గ్రంథిలోను కూడా ఘనాకార ఉపకళ ఉంటుంది.

స్తంభాకార కణాలు దగ్గర దగ్గరగా పాతిన కంచె గుంజలవలె నిలువుగా ఉంటాయి. కేంద్రకం కోలగా ఉండి, కణం అడుగు వైపుకు ఉంటుంది. పక్కపక్కన ఉన్న కణాల కేంద్రకాలు దాదాపు ఒకే వరుసలో కనిపిస్తాయి. జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు, పిత్తాశయం లోపలి గోడలలో ఈ ఉపకళ ఉంటుంది. స్త్రీల గర్భాశయ నాళాలలో ఇలాంటి కొన్ని కణాల పైభాగాన శైలికలనే కదిలే నూగు కూడా ఉండి, అండాన్ని ముందుకు నడపడానికి తోడ్పడుతుంది. పేగులో స్తంభాకార కణాల మధ్య గిన్నె ఆకారంలో ఉన్న కణాలు జిగురు పదార్థాన్ని స్రవించి గోడను కాపాడుతాయి.

చిన్నపేగులోని స్తంభాకార కణం సోడియంను, గ్లూకోజ్‌ను ఒకే ద్వారం గుండా జంటగా లోపలికి తీసుకుంటుంది. ఈ సంగతిని రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రతిపాదించాడు. సోడియం, గ్లూకోజ్ లోపలికి పోతే వాటి వెంట నీరు కూడా పోతుంది. చిన్నదిగా కనిపించే ఈ సంగతి తరువాత లక్షల ప్రాణాలను కాపాడింది.

కలరా క్రిమి విడుదల చేసే విషం పేగు గోడలోని కణాల చేత క్లోరైడ్‌ను బయటకు తోయిస్తుంది. దాని వెంట నీరు కూడా పేగులోకి వచ్చి విరేచనంగా పోతుంది. రోగి తీవ్రస్థితిలో గంటకు ఒక లీటరు వరకు నీరు కోల్పోవచ్చు. అయితే ఆ విషం స్తంభాకార కణాలను చంపదు. సోడియం, గ్లూకోజ్ జంటగా పోయే ద్వారం తెరిచే ఉంటుంది. ఒట్టి నీరు తాగిస్తే అది పేగులో నిలవక పోతుంది. ఉప్పు, గ్లూకోజ్ తగిన పాళ్లలో కలిపిన నీరు ఇస్తే ఆ ద్వారం గుండా లోపలికి చేరుతుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. నరానికి ఎక్కించే సెలైన్ నిల్వలు అడుగంటాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. అంతకు ముందు కలరా రోగులలో నూటికి సుమారు ముప్పైమంది చనిపోతుండగా, ఈ పద్ధతిలో చికిత్స పొందినవారిలో మరణాలు నూటికి నాలుగు కంటే తక్కువకు దిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుండి పాళ్లను మార్చి, గ్లూకోజ్‌ను లీటరుకు 13.5 గ్రాములకు తగ్గించింది. గ్లూకోజ్ మరీ ఎక్కువైతే అది పేగులోనే మిగిలి, శరీరంలోని నీటిని తనవైపు లాగుతుంది. అప్పుడు విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. అందుకే పొట్లంపై రాసినంత నీటిలోనే దానిని కలపాలని వైద్యులు చెబుతారు.

సూక్ష్మదర్శినిలో ఈ మూడింటినీ గుర్తించడానికి కేంద్రకం ఆకారం మంచి ఆధారం. చదునైన కేంద్రకం శల్కల కణానిది, గుండ్రనిది ఘనాకార కణానిది, కోలగా ఉన్నది స్తంభాకార కణానిది. కాని ముక్కను కోసిన దిశను కూడా చూడాలి. స్తంభాకార కణాలను అడ్డంగా కోస్తే వాటి ఎత్తు కనిపించదు. తేనెపట్టు గదులవంటి బహుభుజులు మాత్రమే కనిపిస్తాయి. కోత ఏటవాలుగా పడితే ఒకే వరుస ఉన్నచోట రెండు, మూడు వరుసలు ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. అందుచేత కణాలు ఆధార త్వచానికి నిలువుగా కోయబడిన చోటును వెదికి, అక్కడ చూసి నిర్ణయించాలి.

పాఠశాలలలో బుగ్గ లోపలి నుండి గీకి తీసిన కణాలను శల్కల కణాలుగా చూపిస్తారు. అవి శల్కల కణాలే, కాని సరళ ఉపకళలోనివి కావు. నోటిలో నమలడం వల్ల రాపిడి ఉంటుంది కనుక అక్కడి ఉపకళకు అనేక వరుసలు ఉంటాయి. గీకినప్పుడు వచ్చేవి పై వరుసలోని కణాలు మాత్రమే.

కణం ఆకారం ఎల్లప్పుడూ ఒకే విధంగా ఉంటుందని కూడా అనుకోరాదు. అవటు గ్రంథి చురుకుగా పనిచేసేటప్పుడు దాని ఘనాకార కణాలు ఎత్తు పెరిగి స్తంభాలవలె అవుతాయి. పని మందగిస్తే చదునుగా మారుతాయి. ఊపిరితిత్తిలో శల్కల కణాలు దెబ్బతిన్నప్పుడు, వాటి మధ్య ఉన్న ఘనాకార కణాలు విభజన చెంది, పలుచగా పరుచుకొని ఖాళీని పూరిస్తాయి. కనుక వైద్యులు కణాన్ని చూసి దాని రకాన్నే కాక, ఆ సమయంలో అది చేస్తున్న పనిని కూడా ఊహించగలుగుతారు.

అభ్యాసం

1. చర్మంపై అనేక వరుసల ఉపకళ, వాయుగోణులలో ఒకే వరుస ఉపకళ ఎందుకు ఉంటాయి?
2. మూడు రకాల సరళ ఉపకళలలో కణాల ఆకారాన్ని, కేంద్రకం ఆకారాన్ని, ఉండే చోట్లను పట్టికగా రాయండి.
3. మధుమేహ రోగి మూత్రంలో చక్కెర ఎందుకు కనిపిస్తుంది?
4. కలరా రోగికి ఒట్టి నీరు కాక, ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీరు ఎందుకు ఇస్తారు? గ్లూకోజ్ ఎక్కువైతే ఏమవుతుంది?
5. బుగ్గ నుండి తీసిన కణాలను సరళ ఉపకళకు ఉదాహరణగా చెప్పవచ్చునా? కారణం తెల్పండి.