రెండింతల మందు, ఒక్క గంట లాభం

మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ కొంటే కవరు మీద 1-1-1 అని రాసిస్తారు. చాలా ఇళ్లలో ఆ మధ్య అంకె మీద ఎవరికీ పెద్దగా గౌరవం ఉండదు. ఆఫీసులోనో పొలంలోనో మధ్యాహ్నం మాత్ర మరిచిపోతారు, రాత్రికి రెండు కలిపి మింగేస్తారు. రోజుకు వేసుకోవాల్సిన మందు మొత్తం కడుపులోకి చేరిందిగా, ఇంకేం అనుకుంటారు. కానీ అమాక్సిసిలిన్ విషయంలో ఈ లెక్క తప్పుతుంది. ఎంత తప్పుతుందో గడియారం పెట్టుకుని చూడొచ్చు.

ముందుగా ఒక కొలత తెలియాలి. కల్చర్ రిపోర్టుల్లో కొన్నిసార్లు ఎంఐసీ అనే గడి కనిపిస్తుంది. ఆ బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి ఒక మిల్లీలీటరులో కనీసం ఎన్ని మైక్రోగ్రాముల మందు ఉండాలో అది చెబుతుంది. మన ఉదాహరణలో అది 1 అనుకుందాం. ఉదయం 8 గంటలకు 500 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్ వేసుకున్నారు. అరగంటలో రక్తంలో మందు ఆ గీత దాటిందనీ, తొమ్మిదిన్నరకు 8 దగ్గరికి చేరిందనీ లెక్క తేలిక కోసం అనుకుందాం. కిడ్నీలు సరిగా పనిచేసేవారిలో ఈ మందు సుమారు గంటకోసారి సగమవుతుంది. అంటే పదిన్నరకు 4, పదకొండున్నరకు 2, పన్నెండున్నరకు 1. ఆ తర్వాత గీత కిందికి జారిపోతుంది. సాయంత్రం 4 గంటల మాత్ర దాకా ఉన్న ఎనిమిది గంటల్లో మందు గీత పైన నిలిచింది నాలుగు గంటలే.

ఇప్పుడు ఒకేసారి రెండు మాత్రలు వేసుకున్నారనుకుందాం. తొమ్మిదిన్నరకు 16 ఉంటుంది. పదిన్నరకు 8. అక్కడి నుంచి కథ పాతదే, కాకపోతే ఒక గంట ఆలస్యంగా నడుస్తుంది. మందు రెట్టింపు చేస్తే దక్కింది అదనంగా ఒక్క గంట! అదే రెండో మాత్రను సాయంత్రానికి దాచుకుంటే మరో నాలుగు గంటలు దక్కేవి. నాలుగింటి మాత్ర మానేసి అర్ధరాత్రి రెండు మింగినవారి ఒంట్లో పన్నెండున్నర నుంచి దాదాపు పన్నెండు గంటలపాటు బ్యాక్టీరియాకు అడ్డు ఉండదు.

సమయం పెరగకపోయినా 16 దగ్గర మందు మరింత గట్టిగా కొట్టదా? పెద్దగా కొట్టదు. పెన్సిలిన్ కుటుంబం మందులు బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోవడానికి వాడే ఎంజైములకు అతుక్కుంటాయి. ఎంఐసీకి నాలుగైదు రెట్లు మందు చేరేసరికి ఆ ఎంజైములు దాదాపు అన్నీ నిండిపోతాయి. ఇంకా పోసినా పట్టుకోవడానికి చోటుండదు. పైగా గోడ కడుతున్న, అంటే పెరుగుతున్న బ్యాక్టీరియాయే వీటికి చిక్కుతుంది. అందుకే ఇక్కడ చూడాల్సింది రక్తంలో మందు ఎంత ఎత్తుకు లేచిందని కాదు, ఎంతసేపు గీత పైన నిలిచిందని. అమెరికాలో హ్యారీ ఈగిల్ 1950 ప్రాంతంలోనే జంతువుల మీద పెన్సిలిన్ ప్రయోగాలు చేసి ఈ సంగతి చూపించాడు. తర్వాతి ప్రయోగాలు దానికి అంకె కూడా కట్టాయి. పెన్సిలిన్లకు రెండు డోసుల మధ్య సమయంలో దాదాపు సగం, సెఫలోస్పోరిన్లకు అంతకంటే కొంత ఎక్కువ. మన నాలుగు గంటలు సరిగ్గా ఆ సగం అంచునే ఉన్నాయి. ఎంఐసీ 1 కాక 4 అయిన బ్యాక్టీరియా ఎదురైతే ఇదే 1-1-1 చాలదు.

జెంటామైసిన్ దగ్గర లెక్క తలకిందులవుతుంది. ఇది బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారయ్యే చోట దెబ్బ కొట్టే ఇంజెక్షన్. గాఢత పెరిగేకొద్దీ మరింత వేగంగా, మరింత ఎక్కువగా చంపుతుంది. రక్తంలో శిఖరం ఎంఐసీకి 8 నుంచి 10 రెట్లు ఉన్నప్పుడు ఫలితం బాగుంటుందని 1980ల్లో రోగుల మీద జరిపిన పరిశీలనల్లో తేలింది. 60 కిలోల మనిషికి రోజుకు 300 మిల్లీగ్రాములు ఇవ్వాలనుకుందాం. మూడుసార్లు వందేసి ఇస్తే శిఖరం 7కు కాస్త అటూ ఇటూ. ఒకేసారి ఇస్తే 20 దాకా. ఎంఐసీ 2 ఉన్న బ్యాక్టీరియాకు మొదటిది మూడున్నర రెట్లు కూడా కాదు, రెండోది పది రెట్లు. రోజంతటిలో ఇచ్చిన మందు మాత్రం ఒకటే.

మరి మిగతా గంటల మాటేమిటి? ఈ మందు రెండు మూడు గంటలకోసారి సగమవుతుంది కాబట్టి రాత్రికల్లా రక్తంలో దాదాపు ఏమీ మిగలదు. అయినా దెబ్బ తిన్న బ్యాక్టీరియా వెంటనే తేరుకోదు, మందు పోయాక కూడా కొన్ని గంటలు పెరగకుండా ఉండిపోతుంది. పెన్సిలిన్ తరహా మందులకు చాలా గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా మీద ఈ వెసులుబాటు లేదు.

రోజుకు ఒకేసారి అంత మందు ఎక్కిస్తే కిడ్నీలు పాడవుతాయని డాక్టర్లు చాలాకాలం జంకారు. జరిగేది దాదాపు దానికి విరుద్ధం. కిడ్నీ కణాలు ఈ మందును పీల్చుకునే వేగానికి ఒక హద్దుంది. రక్తంలో శిఖరం మూడింతలైనా అవి మూడింతలు పీల్చుకోలేవు. హాని ఎక్కువగా జరిగేది కొద్దికొద్దిగా మందు ఎప్పుడూ తగులుతూ ఉంటేనే. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ హాస్పిటల్ కిలోకు 7 మిల్లీగ్రాముల చొప్పున రోజుకొకసారి ఇచ్చే పద్ధతిని రెండు వేలమందికి పైగా రోగులకు వాడి, 1995లో ఫలితాలు ప్రచురించింది. కిడ్నీ దెబ్బతిన్నవారు వందకు ఒకరిద్దరే. అయితే ఇది కిడ్నీలు సక్రమంగా ఉన్నవారి మాట. అవి మందగిస్తే రెండు గంటల్లో సగం కావాల్సిన మందుకు ఒక రోజు పట్టొచ్చు. అందుకే క్రియాటినిన్ చూస్తారు, తర్వాతి డోసుకు ముందు రక్తంలో మిగిలిన మందును కొలుస్తారు. మిగులు ఎక్కువుంటే డోసు తగ్గించేకంటే ముందు రెండు డోసుల మధ్య వ్యవధిని పెంచాలని ఆలోచిస్తారు.

రోజుకొకటే ఇస్తున్నారంటే ఆ మందు జెంటామైసిన్ తరహాదేనని మాత్రం అనుకోకూడదు. మన ఆస్పత్రుల్లో విరివిగా ఇచ్చే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ అమాక్సిసిలిన్‌కు దూరపు చుట్టం, దానిదీ సమయం లెక్కే. కానీ అది సగం కావడానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. కాబట్టి ఒక్క సూదితోనే చాలా జబ్బుల్లో రోజంతా గీత పైన నిలుస్తుంది.

ఐసీయూలో మెరోపెనెంకు ఆ సౌకర్యం లేదు, అది గంటకే సగమవుతుంది. అందుకే ఒక గ్రామును అరగంటలో ఎక్కించే బదులు మూడు గంటలపాటు నెమ్మదిగా ఎక్కించే పద్ధతి వచ్చింది. శిఖరం తగ్గుతుంది, గీత పైన ఉండే సమయం పెరుగుతుంది. మరో అడుగు వేసి రోజంతా ఆపకుండా ఎక్కిస్తే? 2024లో వెలువడిన బ్లింగ్-3 పరీక్షలో ఏడు దేశాల ఐసీయూల్లో ఏడు వేలమందికి పైగా సెప్సిస్ రోగుల మీద దీన్ని చూశారు. 90 రోజుల్లో చనిపోయినవారు నిరంతరంగా ఎక్కించినవారిలో 24.9 శాతం, విడివిడిగా ఇచ్చినవారిలో 26.8 శాతం. తేడా ఆశించిన దిక్కునే ఉంది గానీ గణాంకాల ప్రకారం ఖాయమనేంత పెద్దది కాదు. సిద్ధాంతం తప్పని దీన్నిబట్టి అనలేం. చాలామందిలో ఎంఐసీ తక్కువగా ఉంటే మామూలు పద్ధతిలోనే మందు గీత పైన ఉంటుంది, అలాంటివారికి కొత్తగా దక్కేది కొంతే.

వార్డులో ఈ పద్ధతికి వేరే చిక్కులున్నాయి. కలిపిన మెరోపెనెం గది వేడిలో గంటలు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది, ఏసీ లేని వార్డులో వేసవిలో మరీ త్వరగా. కాబట్టి రోజంతటికీ ఒకే సీసా కలిపి పెట్టడం కుదరదు, మధ్యమధ్య కొత్తది కలపాలి. ఇంకొకటి సెలైన్ గొట్టం. మందును 50 మిల్లీలీటర్లలో కలిపి, 20 మిల్లీలీటర్లు పట్టే గొట్టంలోంచి పంపారనుకుందాం. సీసా ఖాళీ అయిందని గొట్టం తీసేస్తే డోసులో 40 శాతం అందులోనే ఉండిపోతుంది. చార్టులో మాత్రం ఒక గ్రాము ఇచ్చినట్టే ఉంటుంది. ఆ మిగిలింది రోగికి చేరాలంటే సీసా అయిపోయాక అదే వేగంతో మరికొంత ఉత్త సెలైన్ పంపాలి.