పదేళ్ల వారంటీ: ఏ భాగానికి, ఎవరి ఖర్చుతో?

ఫ్రిజ్ కొనడానికి షోరూముకు వెళ్లిన వారికి ముందు కనిపించేది తలుపు మీద అంటించిన స్టిక్కరు. ‘10 సంవత్సరాల వారంటీ’ అని పెద్ద అక్షరాలుంటాయి. ‘కంప్రెసర్ మీద’ అన్న మాట దాని కింద చిన్నగా ఉంటుంది. అసలు షరతులున్న వారంటీ కార్డు చాలాసార్లు డబ్బు కట్టేసి, సరుకు ఇంటికి చేరి, పెట్టె విప్పాక గానీ చేతికి రాదు.

ఆ కార్డులో సాధారణంగా ఉండే లెక్క వేరు. ఫ్రిజ్ మొత్తానికి వారంటీ మొదటి ఏడాదే. మిగిలిన తొమ్మిదేళ్లూ ఒక్క కంప్రెసర్‌కే. అది కూడా కంప్రెసర్ అనే వస్తువు వరకే. దాన్ని బిగించే కూలీ, గ్యాస్ నింపే ఖర్చు, రవాణా, వాటి మీద జీఎస్టీ కొన్నవారే పెట్టుకోవాలని చాలా కార్డుల్లో రాసి ఉంటుంది.

ఈ తేడా ఎక్కడ బయటపడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. గుంటూరులో ఒక కుటుంబం 30,000 రూపాయలు పెట్టి ఇన్వర్టర్ ఫ్రిజ్ కొన్నదనుకుందాం. నాలుగో వేసవిలో పాలు విరుగుతున్నాయి, మంచినీళ్లు చల్లబడటం లేదు. ఫోన్ చేస్తే టెక్నీషియన్ వచ్చాడు. ‘పదేళ్ల వారంటీ ఉందిగా’ అని ఇంటివాళ్లు నిబ్బరంగా ఉన్నారు. కానీ ఫ్రిజ్ చల్లబడకపోవడానికి ప్రధానంగా మూడు కారణాలు ఉండవచ్చు, ఏ కారణమన్నదాన్ని బట్టి బిల్లు మారిపోతుంది.

మొదటిది గ్యాస్ లీకు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, లోపల మాత్రం చల్లదనం ఉండదు. వెనక ప్యానెల్ విప్పి చూస్తే కూలింగ్ కాయిల్‌కు ఒక మూలన మాత్రమే మంచు పట్టి, మిగతా భాగం ఖాళీగా కనిపిస్తుంది. గ్యాస్ తగ్గిందనడానికి అది గుర్తు. రెండోది కంట్రోల్ బోర్డు పోవడం. లోపలి లైటు వెలుగుతుంది, కంప్రెసర్ నుంచి చప్పుడే ఉండదు. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లో కంప్రెసర్‌కు కరెంటు అందించి, దాని వేగాన్ని నడిపించేది ఈ బోర్డే కాబట్టి, అది పోతే బాగున్న కంప్రెసర్ కూడా కదలదు. మూడోది కంప్రెసరే పాడవడం: లోపలి మోటారు చుట్ట కాలిపోవడం, లేదా గ్యాస్‌ను తోసే భాగం అరిగిపోవడం.

మొదటి రెండు కారణాలైతే పదేళ్ల వారంటీ వల్ల ఈ కుటుంబానికి రూపాయి కూడా కలిసిరాదు. మూడోదైతే కొత్త కంప్రెసర్ ఉచితంగా వస్తుంది. కానీ దాన్ని ఊరికే బిగిస్తే సరిపోదు. పైపులు అతికించాలి, ఫిల్టర్ మార్చాలి, లోపలి గాలిని, తేమను పంపుతో పూర్తిగా లాగేయాలి, ఆ తర్వాత కొలత ప్రకారం కొత్త గ్యాస్ ఎక్కించాలి. ఈ పనులు లేకుండా ఆ కంప్రెసర్ ఎందుకూ పనికిరాదు. వాటికి డబ్బు కట్టాల్సిందే. ఉచితమన్న మాట నిజమే అయినా, చేతికి బిల్లు వచ్చాక దాని విలువ ఎంతో తెలుస్తుంది.

వారంటీ పరిధి ఎంత ఉండాలన్నది కంపెనీ ఇష్టం, అందులో తప్పు లేదు. తప్పల్లా ఆ పరిధి ఎంతో కొనేముందే తెలియనీయకపోవడంలో ఉంది. ఇదే షరతును తేట తెలుగులో ఇలా రాయవచ్చు: ‘బిల్లు తేదీ నుంచి 1 సంవత్సరం వరకు, తయారీ లోపం వల్ల ఏ భాగం పాడైనా మేమే బాగుచేస్తాం, మీరేమీ చెల్లించనక్కర్లేదు. 2వ సంవత్సరం మొదలు 10వ సంవత్సరం చివరి వరకు కంప్రెసర్ పాడైతే కొత్తది ఉచితంగా ఇస్తాం. దాన్ని బిగించే కూలీ, గ్యాస్, ఫిల్టర్, రవాణా ఖర్చులు మీవి. ఆ ధరలు ఈ కార్డు వెనక ఉన్నాయి. గ్యాస్ లీకు, కంట్రోల్ బోర్డు ఈ తొమ్మిదేళ్లలో వారంటీ కిందికి రావు.’ ఇలా రాసినందువల్ల కంపెనీ కొత్తగా ఇచ్చేదేమీ లేదు. కొనేవారు మాత్రం రెండు కంపెనీల కార్డులు పక్కపక్కన పెట్టి పోల్చుకోగలరు.

కార్డుల్లో తరచూ కనిపించే మరో వాక్యం ‘వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదు’ అన్నది. షరతుగా ఇది సమంజసమే. అయితే నష్టం వోల్టేజి వల్లే జరిగిందని ఎవరు తేల్చాలి? ‘కంపెనీ నిర్ణయమే అంతిమం’ అన్న ఇంకో వాక్యం పక్కనే ఉంటే, కొన్నవారికి వాదించే చోటే మిగలదు. నిలబడే షరతు ఇలా ఉండాలి: ‘వోల్టేజి కారణమని మేము చెబితే, ఏ భాగం ఎలా దెబ్బతిన్నదో టెక్నీషియన్ జాబ్ షీట్‌లో రాసి, ఫొటోతో సహా మీకు ఇస్తాం.’ అలాగే ‘వీలైనంత త్వరలో’ అన్న మాటకు పట్టు లేదు. ‘ఫిర్యాదు నమోదైన 7 పని దినాల్లో బాగుచేస్తాం, విడిభాగం దొరక్క 30 రోజులు దాటితే వేరే ఫ్రిజ్ ఇస్తాం, లేదా వాడిన కాలాన్ని బట్టి ఇంత శాతం డబ్బు తిరిగిస్తాం’ అని రాస్తే, మాట తప్పిన రోజు ఏదో ఎవరైనా క్యాలెండర్‌లో చూపించగలరు.

వారంటీ ఎప్పుడు మొదలవుతుందన్నది కూడా చిన్న విషయం కాదు. సరుకు కొన్నాక బిగించడానికి రెండు వారాలు పడితే, వాడకముందే వారంటీ కొంత కరిగిపోతుంది. బిగించిన రోజు నుంచే లెక్కించేలా విధానాలు మార్చుకోవాలని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలను కోరింది. అది సూచన మాత్రమే కాబట్టి, కార్డులో ఏ తేదీ రాశారో చూసుకోవాల్సిందే.

మరి స్టిక్కరు మాటకు విలువ లేదా? ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం లోపం అన్న మాటను విశాలంగా చూస్తుంది. ఒప్పందంలో రాసిన నాణ్యతే కాదు, అమ్మకందారు ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యత తగ్గినా అది లోపమే. వారంటీ పేరుతో తప్పుదారి పట్టించే వాగ్దానం చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. కొన్నవారి హక్కులను గణనీయంగా దెబ్బతీసే ఏకపక్ష షరతును చెల్లదని ప్రకటించే అధికారం కూడా చట్టంలో ఉంది. అయితే ఆ అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే గానీ జిల్లా కమిషన్‌కు లేదు. జిల్లా కమిషన్ లోపాన్ని సరిచేయమని, వస్తువు మార్చమని, డబ్బు తిరిగివ్వమని ఆదేశించగలదు. అవసరమైతే వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించగలదు. ‘వివాదాలు ఫలానా నగర కోర్టుల్లోనే’ అని కార్డులో రాసి ఉన్నా భయపడనక్కర్లేదు. కొన్నవారు తాము నివసించే చోటే ఫిర్యాదు వేయడానికి ఈ చట్టం వీలిస్తుంది.

గుంటూరు కుటుంబం చేతిలో అప్పుడు ఉండాల్సినవి బిల్లు, కార్డు, స్టిక్కరు ఫొటో, అన్నిటికన్నా ముఖ్యంగా జాబ్ షీట్. ‘చల్లదనం లేదు’ అని మాత్రమే రాసి సంతకం అడిగితే పెట్టకూడదు. గ్యాస్ లీకా, బోర్డా, కంప్రెసరా అన్నది దాని మీద రాయించుకోవాలి, ఎందుకంటే వారంటీ వర్తిస్తుందా లేదా అన్నది ఆ ఒక్క మాట మీదే తేలుతుంది. కొనేటప్పుడు కూడా డబ్బు కట్టకముందే కార్డు తెప్పించి చూడండి. రెండో ఏడాది తర్వాత కూలీ, గ్యాస్ ఎవరివని అడిగి, అమ్మకందారు చెప్పిన జవాబును బిల్లు మీదే రాయించుకోండి. సమస్య వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయాలి.