మార్కులు పెరిగాయి సరే, ఎంత పెరిగాయి?

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పల్లెల్లో, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం మొదలైంది. కొన్ని బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చారు, మరికొన్నిటిలో ఇవ్వలేదు. ఏ బడికి ఇవ్వాలో లాటరీ తీసినట్టే తేల్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2011లో ప్రచురించిన ఫలితం ప్రకారం, రెండేళ్ల తర్వాత బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం మేర ముందున్నారు.

ఈ 0.27 ఏమిటి? ఏ పరీక్షలోనైనా మార్కులు సగటుకు అటూ ఇటూ చెదిరి ఉంటాయి. ఆ చెదురు ఎంతో చెప్పేదే ప్రామాణిక విచలనం. రెండు గుంపుల సగటుల తేడాను దానితో భాగిస్తే వచ్చేది ప్రభావ పరిమాణం. బోనస్ లేని బడుల పిల్లలు వంద మందిని తక్కువ మార్కుల నుంచి ఎక్కువ మార్కులకు వరుసగా నిలబెట్టామనుకోండి. 0.27 అంటే, నడిమధ్యన ఉన్న పిల్లవాడు దాదాపు 61వ చోటికి జరిగినట్టు.

పత్రికల్లో మాత్రం ఎక్కువగా కనిపించేది ‘గణాంకపరంగా సార్థకం’ అన్న మాట. ఈ తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చి ఉంటుందా అన్న అనుమానానికే అది జవాబు. ఊహకో లెక్క వేద్దాం. ప్రామాణిక విచలనం 20 మార్కులున్న పరీక్ష రాసిన రెండు గుంపుల్లో చెరో పది వేల మంది పిల్లలుంటే, సగటులో ఒక్క మార్కు తేడా కూడా సార్థకమే అవుతుంది. ప్రభావం మాత్రం 0.05. అదే గుంపుకు ముప్పై మందే ఉంటే అయిదు మార్కుల తేడా, అంటే 0.25, సార్థకత గీత దాటదు. అయిదు రెట్ల పెద్ద ఫలితాన్ని ‘ప్రభావం లేదు’ అని కొట్టిపారేసే ప్రమాదం ఇక్కడే ఉంది. నిజానికి ఆ ముప్పై మందితో ఏదీ తేలలేదంతే.

మరి 0.27 పెద్దదా, చిన్నదా? జేకబ్ కోహెన్ కొలమానంలో 0.2 చిన్నది, 0.8 పెద్దది. బడి చదువులకు అది సరిపోదని మాథ్యూ క్రాఫ్ట్ 2020లో వాదించారు. ఆయన లెక్కలో 0.20 దాటితేనే పెద్ద ప్రభావం. నాకు క్రాఫ్ట్ మాటే సబబనిపిస్తుంది, ఖర్చు ఎంతో కూడా చూడమన్నారు కాబట్టి.

ఈ అంకెనూ గుడ్డిగా నమ్మకూడదు. అందరూ ఒకే స్థాయి పిల్లలైతే చెదురు తగ్గి, భాగఫలం ఉబ్బుతుంది. పరీక్షకు వచ్చేవే బట్టీ పట్టించినా అంతే. ఆంధ్ర ప్రయోగంలో ఈ రెండో అనుమానాన్ని పరీక్షించే వీలుంది. సైన్స్, సోషల్ మార్కులకు బోనస్ లేదు. అయినా బోనస్ బడుల పిల్లలు వాటిలోనూ 0.11, 0.18 మేర ముందున్నారు.