పదిహేను లీటర్ల మిషన్ తొమ్మిదే ఎందుకిచ్చింది?

మా అక్కావాళ్ల ఊరు ఒంగోలుకు తూర్పున, సముద్రానికి దగ్గర. అక్కడి బోరు నీళ్లతో సబ్బు నురగ రాదు. టీ గిన్నె అడుగున నెల తిరక్కుండానే తెల్లటి సున్నం పేరుకుంటుంది. చాన్నాళ్లు రోజుకు రెండు టిన్నుల మినరల్ వాటర్ కొనుక్కున్నారు. నిరుడు విసుగొచ్చి ఆర్‌ఓ మిషన్ పెట్టించారు. పెట్టె మీద గంటకు 15 లీటర్లు అని ఉంది, లోపల 12 లీటర్ల ట్యాంకు. ఎండాకాలం వచ్చేసరికి అక్క దగ్గర్నించి ఫోన్.

"ఏరా, పొద్దున్నే ఏడింటికల్లా ట్యాంకు ఖాళీ అవుతోంది. పిల్లల బాటిళ్లకి చాలట్లేదు. ఇంకా పెద్ద మిషన్ కొనాలంటున్నారు. కొనమంటావా?"

వెళ్లి చూసేదాకా కొనొద్దన్నాను. మిషన్ చాలడం లేదు అన్న మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. రోజు మొత్తానికి నీళ్లు చాలకపోవడం ఒకటి, ఫలానా గంటలో చాలకపోవడం ఇంకొకటి. మొదటిదానికి మందు మెంబ్రేన్, రెండోదానికి ట్యాంకు. ఏది తక్కువైందో తెలియకుండా డబ్బు పెడితే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

మెంబ్రేన్ అంటే మిషన్ లోపల గొట్టంలో చుట్టగా ఉండే పొర. దాని మీద 100 జీపీడీ అని ఉంది, అంటే రోజుకు వంద అమెరికన్ గ్యాలన్లు. లీటర్లలో చూస్తే 24 గంటలకు సుమారు 378, గంటకు పదిహేను పైచిలుకు. పెట్టె మీద రాసింది అబద్ధం కాదు. కానీ ఆ లెక్క తీసేటప్పుడు వాడిన నీళ్లు మా అక్కావాళ్ల బోరు నీళ్లు కావు. ఇళ్లలో వాడే ఇలాంటి మెంబ్రేన్లను సాధారణంగా కొద్దిపాటి ఉప్పున్న నీళ్లతో, 25 డిగ్రీల వేడిమి దగ్గర పరీక్షించి ఆ అంకె వేస్తారు. ఆ నీళ్ల టీడీఎస్ మహా అయితే కొన్ని వందలు. అక్కావాళ్ల బోరులో మే నెలలో మీటరు పెడితే 2200 చూపించింది.

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం. తాగేనీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా సరిపెట్టుకోవచ్చని మన భారతీయ ప్రమాణం చెబుతుంది. అక్కావాళ్లవి ఆ రెండో గీత కూడా దాటాయి.

ఉప్పు ఎక్కువైతే మిషన్ ఎందుకు నెమ్మదిస్తుంది? ఉప్పు నీళ్లు ఆ పొర గుండా ఊరికే పోవు, ఎదురు తోస్తాయి. ఆ ఎదురు తోపును మించి పంపు తోయాలి. టీడీఎస్ వందకు ఒక పీఎస్ఐ ఒత్తిడి ఆ ఎదురుకే ఖర్చవుతుందని మోటుగా లెక్క వేసుకోవచ్చు. పొర వెంట సాగేకొద్దీ మంచినీళ్లు విడిపోయి మిగిలినవి ఇంకా చిక్కబడతాయి కాబట్టి, 2200తో మొదలైన నీళ్లను సగటున 2500గా చూడాలి. అంటే 25 పీఎస్ఐ ఎదురు. పంపు గేజీ 60 చూపిస్తోంది. అందులో 25 పోతే మిగిలింది 35. పరీక్షలో తీపి నీళ్ల మీద అదే 60లో 55 దాకా మిగులుతుంది. 55కు 15 లీటర్లు ఇచ్చే పొర 35కు తొమ్మిదిన్నర ఇస్తుంది.

ఈ లెక్క నిజమో కాదో తేల్చడానికి ఒక లీటరు చెంబు, గోడ గడియారం చాలు. ట్యాంకులోకి పోయే సన్న గొట్టం ఊడదీసి చెంబులో పెట్టాం. మా బావ గడియారం చూశాడు. చెంబు నిండడానికి ఆరున్నర నిమిషాలు పట్టింది. గంటకు 9 లీటర్ల చిల్లర. మిషన్‌కు ఏ జబ్బూ లేదు, ఆ నీళ్ల మీద అది ఇవ్వగలిగిందే అంత.

ఇక ఇంటి అవసరం. మనిషికి ఇన్ని లీటర్లని పుస్తకాల లెక్క ఉంటుంది గానీ, అక్క దగ్గర అంతకంటే నమ్మకమైన లెక్క ఉంది. ఇన్నాళ్లూ రోజుకు రెండు టిన్నులు కొన్నారు, ఒక్కోటి 20 లీటర్లు. ఆరుగురికి తాగడానికి, వంటకి కలిపి 40 లీటర్లన్నమాట. గంటకు తొమ్మిది చొప్పున నాలుగున్నర గంటలు నడిస్తే అయిపోయింది. చుట్టాలొచ్చి 70 లీటర్లు కావాల్సి వచ్చినా ఎనిమిది గంటలు దాటదు. రెండేళ్లలో పొర పాతబడి ధార మూడో వంతు తగ్గినా రోజువారీ అవసరం ఏడు గంటల్లోపే తీరుతుంది. రోజులో ఎనిమిది గంటలకు మించి నడవాల్సి వస్తే తప్ప పెద్ద మెంబ్రేన్ కొననవసరం లేదని నా లెక్క. ఆ చిన్న పంపు అంతకంటే ఎక్కువ నడిస్తే త్వరగా అరిగిపోతుంది.

రోజుకు సరిపోతున్నప్పుడు పొద్దున్నే ఎందుకు అయిపోతోంది? అక్క వంటింట్లో ఆరింటి నుంచి ఎనిమిది దాకా కూర్చుని రాసుకున్నాను. కాఫీ, టీలకు ఒక లీటరు. ఎసరుకు, పప్పుకు, కూరకు కలిపి ఆరు. బాటిళ్లకు ఐదు. మామయ్యగారు తాగడానికి మంచం పక్కన పెట్టుకునే చిన్న బిందెకు ఆరు. మొత్తం 18. బియ్యం కడగడం మాత్రం బోరు నీళ్లతోనే, అదొక మంచి అలవాటు. ఆ వేసవిలో వాళ్ల వీధికి కరెంటు తీసేది సరిగ్గా ఆ రెండు గంటలే. పంపు ఆగిపోతుంది, ట్యాంకులో ఉన్నదే ఆధారం. 12 లీటర్ల ట్యాంకులో కొళాయి మట్టానికి పైన వాడుకోగలిగింది పదే. పదికి, పద్దెనిమిదికి మధ్య ఎనిమిది లీటర్లు. అక్క బాధంతా ఆ ఎనిమిది లీటర్లే. ఎంత పెద్ద మెంబ్రేన్ తెచ్చినా కరెంటు లేని పూట ఒక్క చుక్క ఇవ్వదు.

అందుకే 25 లీటర్ల స్టీలు ట్యాంకు, గట్టి మూత, కింద కొళాయి ఉన్నది కొన్నాం. వంటగట్టు మీద అలమరలో పెట్టి, మిషన్ నుంచి వచ్చే శుద్ధమైన నీటి గొట్టాన్ని అందులోకి తిప్పించాం. ట్యాంకు నిండగానే పంపు ఆగేలా ఫ్లోట్ స్విచ్ దానికే మార్పించాం. రాత్రంతా కరెంటు ఉంటుంది, తెల్లారేసరికి ట్యాంకు నిండి ఉంటుంది.

మరి వంద లీటర్ల డ్రమ్ము పెడితే పీడా వదిలిపోతుంది కదా అని బావ అన్నాడు. ఆర్‌ఓ నీళ్లలో క్లోరిన్ ఉండదు. రెండు మూడు రోజులు నిలవుంటే ట్యాంకు గోడకు జిగురు పడుతుంది. ఇంటి వాడకానికి ఒక రోజుకు మించి నిలవ చేసే ట్యాంకు వద్దు. ఈ 25 లీటర్ల దాన్ని కూడా పదిహేను రోజులకోసారి ఖాళీ చేసి కడగాలి.

చిన్న ట్యాంకుతో ఇంకో చిక్కు ఉంది, చాలామంది దాన్ని గమనించరు. మిషన్ ఆగి ఉన్నంతసేపూ పొరకు అటువైపున్న ఉప్పు మెల్లగా ఇటు చేరుతుంటుంది. అందుకే మళ్లీ మొదలైనప్పుడు వచ్చే తొలి నీళ్లు ఉప్పగా ఉంటాయి. మేం చూసినప్పుడు మొదటి గ్లాసు టీడీఎస్ 380, మూడు నిమిషాల తర్వాత 150. గ్లాసు పట్టుకున్నప్పుడల్లా ఫ్లోట్ దిగి, పంపు కాసేపు నడిచి ఆగుతుంటే, ట్యాంకులో చేరేవన్నీ ఆ తొలి నీళ్లే. ఐదారు లీటర్లు తగ్గాకే మొదలై, గబగబా ఆగిపోకుండా అరగంట పైన నడిచేలా ఫ్లోట్ పెట్టించుకుంటే అదే పొర నుంచి మెరుగైన నీళ్లు వస్తాయి.

తర్వాత బావకు కోపం తెప్పించిన సంగతి, మోరీలోకి పోయే నీళ్లు. ఒక లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు బయటికి. 40 లీటర్లకు 120. పారే గొట్టం మీద ఫ్లో రెస్ట్రిక్టర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది, దాన్ని ఇంకా సన్నది వేయిస్తే వృథా తగ్గుతుందని ఎవరో చెప్పారట. తగ్గుతుంది, నిజమే. కానీ అక్కావాళ్ల నీళ్లలో కాఠిన్యం 700. మూడొంతులు బయటికి వదిలితేనే అది 930 దాకా చిక్కబడుతుంది. సగమే వదిలితే 1400. టీ గిన్నె అడుగున పేరుకున్న సున్నమే అప్పుడు మెంబ్రేన్ మీద పేరుకుంటుంది. ఆ 120 లీటర్లను పైపుతో ఒక డ్రమ్ములోకి పట్టి మరుగుదొడ్డికి, నేల తుడవడానికి, వాకిలి కడగడానికి వాడుతున్నారు. వాటి టీడీఎస్ 2900 దగ్గర ఉంటుంది కాబట్టి మల్లెపాదుకు మాత్రం పోయొద్దన్నాను. మేడ మీది ట్యాంకు లెక్కలోనూ ఇది వేసుకోవాలి. రోజూ 160 లీటర్లు ఈ మిషన్‌కే కావాలి.

ఇదే బోరు అక్టోబరు వానల తర్వాత 1600 చూపించింది. ఆ నెలలో కొలిచి మిషన్ ఎంచుకుంటే మేలో దెబ్బ తింటాం, కాబట్టి ఎండాకాలపు అంకెతోనే లెక్క వేయాలి. 4000 దాటే బోర్లయితే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. 60 పీఎస్ఐలో నలభై పైన ఎదురుకే పోతుంది, ధార పావు వంతుకు పడిపోతుంది. ఇంట్లో గోడకు తగిలించే మిషన్లు చాలావరకు 2000 దాకానే అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అంతకు మించిన ఉప్పుకు వంద పీఎస్ఐ పైన తోసే పంపు, పెద్ద మెంబ్రేన్ ఉన్న ప్లాంటు కావాలి. అది గంటకు రెండు మూడు వందల లీటర్లిస్తుంది. ఒక్క కుటుంబానికి దండగ, నాలుగిళ్లు కలిసి పెట్టుకుంటే సరిపోతుంది. స్నానానికి, బట్టలకు కూడా ఆర్‌ఓ కావాలనుకునేవాళ్లు రోజుకు ఎన్ని వందల లీటర్ల ఉప్పునీళ్లు ఎక్కడ పారబోస్తారో ముందు చూసుకోవాలి.

టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ప్రకాశం, నల్గొండ జిల్లాల్లో ఎన్నో ఊళ్లకు ఆ ముప్పు ఉంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకోవాలి. మిషన్‌లో టీడీఎస్ అడ్జస్టర్ అని ఒక మర ఉంటుంది. రుచి కోసం దాన్ని తిప్పితే పచ్చి బోరు నీళ్లే శుద్ధమైన నీళ్లలో కలుస్తాయి, వాటితో పాటు ఫ్లోరైడూ వస్తుంది. అక్కావాళ్లింట్లో దాన్ని పూర్తిగా బిగించేయించాను.

ఇప్పుడు ఆ అలమర తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. ప్రతి నెలా ఒకటో తారీఖున మేనకోడలు చెంబు పెట్టి, నిమిషాలు, మీటరు అంకె రాస్తుంది. ఉప్పు మారితే నిమిషాలూ మారతాయి కాబట్టి బోరు నీళ్ల అంకె కూడా పక్కనే రాయమన్నాను. నిమిషాలు పెరిగి టీడీఎస్ మారకపోతే ముందు ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి, ఆ తర్వాత సున్నం. నిమిషాలు తగ్గి టీడీఎస్ ఎగబాకితే పొర చిరిగినట్టు. మొన్నటి వరుసలో ఏడు నిమిషాలు, 160 అని రాసుంది.