గ్లాస్ కొన్నవారికి కవర్ గురించి చెప్పడం

హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట ఒకరు ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేయించుకున్నారనుకోండి. మర్నాడే ఆయనకు కవర్లు, ఛార్జర్లు, ఇయర్‌ఫోన్ల ఫొటోలు వరసగా పంపితే నంబర్ బ్లాక్ చేస్తారు. ఆయన కొన్న వస్తువుకు సంబంధించిన ఇబ్బందితో మొదలుపెడితే వేరు. బిగుతు కవర్ల అంచు గ్లాసును పైకి తోస్తుంది, అక్కడ గాలి చేరుతుంది. కాబట్టి వారం ఆగి ఇలా రాయొచ్చు:

“అన్నా, మొన్న వేసిన గ్లాస్ అంచుల దగ్గర లేస్తోందా? ఒకసారి కవర్ తీసి చూడండి. తీశాక సర్దుకుంటే తప్పు కవర్‌ది. మీ మోడల్‌కి అంచు సన్నగా ఉన్నవి మా దగ్గర ఉన్నాయి, 200 రూపాయలు. గ్లాస్ బాగానే ఉంటే కొత్త కవర్ అక్కర్లేదు.”

ఆఖరి వాక్యం బేరం పోగొడుతుందని చాలామంది తీసేస్తారు. నిజానికి మిగతాదంతా నమ్మించేది అదే.

ఇది అందరికీ పంపేది కాదు. వాట్సాప్ బిజినెస్‌లో కస్టమర్లకు ఫోన్ మోడల్ పేరుతో లేబుల్ పెట్టుకుంటే, ఆ మోడల్‌వారికే పంపొచ్చు. బ్రాడ్‌కాస్ట్ మాత్రం మీ నంబర్ సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. అందుకే గ్లాస్ వేసేటప్పుడే “ఏదైనా తేడా వస్తే దీనికి మెసేజ్ పెట్టండి” అని నంబర్ సేవ్ చేయించాలి. “వద్దు” అన్నవారి పేరు ఆ పూటే తీసేయాలి. జవాబులు లేకుండా బ్లాకులే పెరుగుతున్నాయనిపిస్తే, మెసేజ్‌లో ధర ముందుకొచ్చి సమస్య వెనక్కి పోయిందేమో చూసుకోండి.