కుండీలో కరివేపాకు గుబురుగా రావాలంటే: ఆకు కాదు, కొన కోయాలి

బాల్కనీలో కరివేపాకు పెంచేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "మొక్క బతికే ఉంది, కానీ కర్రలా పైకి పోతోంది, పైన మాత్రమే నాలుగు రెబ్బలు ఉన్నాయి, ఏం చేయాలి?" హైదరాబాద్‌లో మా అక్క వాళ్ళ మూడో అంతస్తు బాల్కనీలో కూడా సరిగ్గా ఇదే పరిస్థితి. అయిదడుగుల ఎత్తు, ఒకటే కాండం. దాన్ని ఎలా దారికి తెచ్చామో చెప్తాను.

అక్క రోజూ పోపులోకి కింది రెబ్బలు తుంచుకునేది. చాలామంది చేసేది ఇదే. ప్రతి రెబ్బ మొదట్లో, కాండానికి అతుక్కుని ఒక చిన్న మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. పైన చిగురు కొన ఉన్నంతకాలం అది ఆ మొగ్గల్ని లేవనివ్వదు. మనం రెబ్బలు ఎన్ని తుంచినా కొన అలాగే ఉంటుంది కాబట్టి మొక్క పైకే పోతుంది. కొనను కత్తిరిస్తే దాని కింద ఉన్న రెండు మూడు మొగ్గలు లేచి కొమ్మలవుతాయి. కాబట్టి కూరకి కావాల్సినప్పుడు రెబ్బలు కాకుండా, కొమ్మ కొనతో సహా జానెడు కత్తిరించుకోండి.

అయితే అక్క మొక్కకి కత్తిరింపు ఒక్కటే సరిపోదని కుండీ చూడగానే అర్థమైంది. తప్పు నాదే. మా పొలంలో నల్లమట్టి బాగుంటుంది కదా అని బస్తా నింపి పంపింది నేనే. డిప్లొమా చదివినవాణ్ణి, ఆలోచించాల్సింది. పొలంలో బంగారం లాంటి నల్లరేగడి కుండీలో ఎండితే ఇటుక, తడిస్తే బురద. నీళ్ళు పోస్తే అంచుల పగుళ్ళలోంచి జారిపోతున్నాయి, మధ్యలో వేళ్ళు ఎండుతున్నాయి, అడుగున మాత్రం బురద వాసన.

ఫిబ్రవరి చివర్లో, చలి తగ్గాక పని మొదలుపెట్టాం. 18 అంగుళాల కుండీ, అడుగున నాలుగైదు రంధ్రాలు. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక, రెండు గుప్పిళ్ళ వేపపిండి. నింపాక ఒక మగ్గు నీళ్ళు పోసి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇంకిపోవాలి. పైనే నిలబడితే ఇంకొంచెం ఇసుక కలపాలి.

పాత మట్టి దులిపేటప్పుడు కొన్ని వేళ్ళు తెగుతాయి. తెగిన వేళ్ళు అయిదడుగుల మొక్కకి నీళ్ళందించలేవు. అందుకే అదే రోజు పదునైన కత్తెరతో నేల నుంచి అడుగున్నర దగ్గర, ఒక కణుపుకి కొంచెం పైన కోసేశాను. కోసిన చోట పేడ ముద్ద పెట్టాను. ఇదంతా వీడియోలో ఉంది. అక్క మొహం మాడిపోయింది. "మిగిలింది కర్రే కదరా!" అంది.

ఈ దశలోనే ఎక్కువ మొక్కలు చచ్చిపోతాయి. కోసినందుకు కాదండి, జాలిపడి రోజూ నీళ్ళు పోసినందుకు. ఆకే లేని మొక్క నీళ్ళు ఎంత తాగుతుంది? వేలు రెండు అంగుళాల లోతు గుచ్చి, పొడిగా ఉంటేనే పోయమని అక్కకి గట్టిగా చెప్పాను. వారం నీడలో ఉంచి తర్వాత ఎండలోకి మార్చాం.

ఎండ విషయానికొస్తే, వాళ్ళది తూర్పు బాల్కనీ. పదకొండు దాకా ఎండ వస్తుంది. కానీ కుండీ నేల మీద ఉండటంతో పిట్టగోడ నీడ సగం ఎండని మింగేస్తోంది. పాత స్టూలు మీదికి ఎక్కించాం, అంతే. రోజుకి కనీసం నాలుగైదు గంటల నేరు ఎండ లేకపోతే కోసినా సన్నటి, పొడుగాటి చిగుళ్ళే వస్తాయి. ఎండ అస్సలు రాని ఉత్తరం బాల్కనీలో మొక్క బతుకుతుందేమో కానీ గుబురు అవ్వదు, ఆశ పెట్టుకోకండి.

ఉగాది దాటాక ఎర్రటి చిగుళ్ళు ఏడు కనిపించాయి. నాలుగు దిక్కులకీ ఒక్కోటి ఉంచి మిగతావి తీసేశాం. అవి పది అంగుళాలు పెరిగాక కొనలు కత్తిరిస్తే, వానలు పడేసరికి పదకొండు కొమ్మలయ్యాయి. పదిహేను రోజులకోసారి ఒక వంతు జీవామృతానికి పది వంతుల నీళ్ళు కలిపి, ఒక లీటరు పోసేవాళ్ళం. కొత్త ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే, బోరు నీళ్ళలోని సున్నం వల్ల ఇనుము అందట్లేదని గుర్తు. పుల్లటి మజ్జిగ, ఉప్పు వేయనిది, పదింతల నీళ్ళతో పలచన చేసి వారానికోసారి పోస్తున్నాం. పాత ఆకులు మారవు, కొత్తగా వచ్చేవి పచ్చగా వస్తున్నాయా లేదా చూసుకోండి.

పూమొగ్గలు వస్తే వెంటనే తుంచేయండి, లేదంటే బలమంతా కాయలకి పోతుంది. ఆకు మీద పిట్ట రెట్టలా ఏదైనా కనిపిస్తే ఒకసారి పుల్లతో కదిపి చూడండి. సీతాకోకచిలుక పిల్లపురుగు అయి ఉండొచ్చు, చేత్తో ఏరేస్తే చాలు. డిసెంబరు, జనవరిలో మొక్క ఎదగదు. అప్పుడు కత్తెర పక్కన పెట్టి, పోపుకి మాత్రం నాలుగు రెబ్బలు తుంచుకోండి.