స్కోరు ఒకవైపు, ఆసక్తి ఇంకోవైపు: అమెరికా రెసిడెన్సీలో బ్రాంచి ఎంపిక

మన దేశంలో ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటుకు ఇంటర్వ్యూ ఉండదు. నీట్ పీజీలో 200 ప్రశ్నలు, 800 మార్కులు. అందులో వచ్చిన ర్యాంకును బట్టి ఏ బ్రాంచి ఏ కాలేజీలో దొరుకుతుందో కౌన్సెలింగ్‌లో తేలిపోతుంది. సీట్లు నిండే వరుస కూడా ఏటా ఇంచుమించు ఒకటే. రేడియాలజీ, జనరల్ మెడిసిన్, డెర్మటాలజీ ముందు అయిపోతాయి. అనాటమీ, బయోకెమిస్ట్రీ చివరిదాకా మిగిలి ఉంటాయి. మంచి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లు సైకియాట్రీ తీసుకుంటామంటే ఇంట్లో మొదట వినపడే మాట, ‘ఇంత ర్యాంకు వృథా చేసుకుంటావా?’

అమెరికా రెసిడెన్సీకి వెళ్లే తెలుగు డాక్టర్లు చాలామంది ఈ లెక్కను మనసులో పెట్టుకునే విమానం ఎక్కుతారు. అక్కడి పద్ధతి వేరు. యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షల్లో ర్యాంకు ఉండదు, స్కోరే ఉంటుంది. స్టెప్ 1 ఫలితాన్ని 2022 జనవరి నుంచి పాస్, ఫెయిల్ అని మాత్రమే చెబుతున్నారు. కాబట్టి అంకెల్లో కనిపించే స్కోరు ముఖ్యంగా స్టెప్ 2 సీకేదే. ఆసుపత్రులకు ఒక్కోదానికీ వందల్లో, వేలల్లో దరఖాస్తులు వస్తాయి. అన్నీ చదవలేక చాలాచోట్ల స్కోరుతో, వీసా అవసరంతో, పట్టా పుచ్చుకున్న ఏడాదితో జల్లెడ పడతారు. స్కోరు ఎక్కువగా ఉపయోగపడేది ఇక్కడే. ఇంటర్వ్యూకు పిలిచాక అడిగేది వేరు: ఈ మనిషి ఈ బ్రాంచిలో మూడు నాలుగేళ్లు ఇష్టంగా పనిచేస్తాడా, మధ్యలో వదిలి వెళ్తాడా?

అందుకే స్కోరుకూ ఆసక్తికీ పొంతన కుదరకపోవడం అక్కడ దాచుకోవలసిన తప్పు కాదు, జవాబు సిద్ధం చేసుకోవలసిన ప్రశ్న. అయితే ఆ జవాబు ఇంటర్వ్యూకు వారం ముందు తయారయ్యేది కాదు. దరఖాస్తుకు ఏడాది ముందు నుంచే మొదలవ్వాలి.

మొదట తేల్చుకోవలసింది ఆసక్తి నిజమైనదేనా అన్నది. మన హౌస్ సర్జన్సీలో సైకియాట్రీకి దొరికేది రెండు వారాలు. రేడియాలజీ, పాథాలజీ వంటి వాటితో పరిచయం అంతకంటే తక్కువ. అరుదైన కేసు చూసి ముచ్చటపడటం, మంచి ప్రొఫెసర్ పాఠం విని పొంగిపోవడం ఆసక్తిలా అనిపిస్తాయి గాని నిలవవు. ఆ బ్రాంచిలో ఒక మామూలు మధ్యాహ్నం ఎలా గడుస్తుందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. సైకియాట్రీలో కొత్త రోగి దగ్గర గంటసేపు కూర్చోవాలి, ఆ తర్వాత అంతా వివరంగా రాయాలి. రోగిని తాకే పని తక్కువ, కుటుంబంతో మాట్లాడే పని ఎక్కువ. అప్పటికి నాలుగో రోగి కూడా నిద్ర పట్టడం లేదనే చెబుతుంటే విసుగు రాకపోవాలి. రేడియాలజీలో చీకటి గదిలో తెర ముందు గంటల తరబడి కూర్చుని, ఒక్క నీడను కూడా వదలకుండా చూడాలి. ఇవి నచ్చితే బ్రాంచి నచ్చినట్టు.

ఇప్పుడొక ఊహాజనితమైన అభ్యర్థిని తీసుకుందాం. కోస్తా జిల్లాలో చదివిన అమ్మాయి, స్టెప్ 2 సీకేలో 262. ఈ స్కోరుతో ఇంటర్నల్ మెడిసిన్‌లో మంచి విశ్వవిద్యాలయ ఆసుపత్రి దొరకవచ్చు, తర్వాత కార్డియాలజీకి వెళ్లవచ్చు. సీనియర్లు, బంధువులు చెప్పేది ఇదే. ఆమె మనసు సైకియాట్రీ మీద ఉంది.

ఆమె దరఖాస్తు చూసే సైకియాట్రీ విభాగానికి ఒక అనుమానం వస్తుంది. మెడిసిన్‌కు దరఖాస్తు చేసి, ఎందుకైనా మంచిదని మాకూ పంపిందా? స్కోరు ఎంత ఎక్కువైతే ఈ అనుమానం అంత బలపడుతుంది. దాన్ని పోగొట్టేవి కాగితం మీది ఆధారాలు. ఈరాస్ అనే దరఖాస్తు వ్యవస్థలో ఒక్కో ప్రోగ్రామ్‌కు నాలుగు సిఫారసు లేఖల వరకు జతచేయవచ్చు. వాటిలో కనీసం రెండైనా తనను పనిలో చూసిన సైకియాట్రిస్టులవి కావాలి. నాలుగూ కార్డియాలజిస్టులవే అయితే స్టేట్‌మెంట్‌లో ఎంత బాగా రాసినా నమ్మరు. ప్రత్యేకంగా ఆసక్తి ఉన్న ఆసుపత్రులకు ఆ మాట తెలియజేసే ‘సిగ్నల్’ ఏర్పాటు కూడా ఈరాస్‌లో ఉంది. ఎన్ని సిగ్నళ్లు వాడుకోవచ్చో బ్రాంచిని బట్టి మారుతుంది. కొద్దిగా దొరికే వాటిని పేరున్న చోట్లకే ధారపోయకుండా, విదేశీ పట్టభద్రులను నిజంగా తీసుకునే చోట్లకు పంపడం తెలివైన పని.

ఇంటర్వ్యూలో ప్రశ్న సూటిగానే వస్తుంది: ‘ఈ స్కోరుతో ఏ బ్రాంచి అయినా దొరుకుతుంది కదా, సైకియాట్రీ ఎందుకు?’ ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడే జవాబు, ‘చిన్నప్పటి నుంచి మనిషి మనసంటే నాకు ఆసక్తి’. అది అబద్ధం కాకపోవచ్చు, కానీ ఆ రోజు ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లలో సగం మంది అదే చెబుతారు. జీవితం సాఫీగా ఉంటుందనే జవాబు ఇంకా చేటు. పని చేసేది ఒక్క సంఘటనే, అదీ ఆమె సొంత వార్డులోంచి వచ్చింది.

హౌస్ సర్జన్‌గా మెడిసిన్ వార్డులో ఉన్నప్పుడు పురుగుమందు తాగిన ఒక యువరైతును తెచ్చారనుకుందాం. కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి, నోటి వెంట నురుగు. గుండె వేగాన్ని, ఊపిరితిత్తుల చప్పుడును చూసుకుంటూ రాత్రంతా అట్రోపిన్ ఎక్కించారు, మనిషి బతికాడు. ఆరో రోజు డిశ్చార్జి కాగితాల్లో మందుల వివరాలన్నీ ఉన్నాయి, ఎందుకు తాగాడన్నది లేదు. సైకియాట్రీకి చూపించమని ఎవరూ రాయలేదు. మూడు వారాలకు అతను మళ్లీ అదే వార్డుకు వచ్చాడు. ఆ తర్వాత ఆమె అలాంటి ప్రతి కేస్ షీట్‌లో రిఫరల్ ఉందో లేదో చూడటం మొదలుపెట్టింది, లేనిచోట యూనిట్ చీఫ్‌ను అడిగి రాయించింది. ఈ కథ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఇందులో ఆసక్తి ఉందన్న మాట ఎక్కడా లేదు, ఉందని తెలుస్తుంది. పైగా మెడిసిన్ బాగా వచ్చిన అమ్మాయి సైకియాట్రీకి ఎందుకు పనికొస్తుందో కూడా అందులోనే ఉంది, స్కోరు గురించిన ప్రశ్నకు అదే జవాబు. రోగి పేరు, ఊరు మాత్రం బయట పెట్టకూడదు.

కథ నిజంగా తనదై ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు. తర్వాతి ప్రశ్న ‘అట్రోపిన్ సరిపోయిందని ఎలా తెలుసుకున్నారు?’ అని వస్తుంది, అరువు కథలు అక్కడే తేలిపోతాయి.

ఎదురు సమస్య ఇంకా కఠినం. స్కోరు 230 దగ్గర ఉండి, మనసు సర్జరీ మీద ఉన్నవాళ్లది. విదేశీ పట్టభద్రులకు జనరల్ సర్జరీలో పూర్తి శిక్షణ సీట్లు దొరకడం కష్టం. ఒక ఏడాదికే పరిమితమైన ‘ప్రిలిమినరీ’ సీట్లు కొంత తేలిక, కానీ ఆ ఏడాది తర్వాత ఏమవుతుందో హామీ లేదు. ఇక్కడ ఆసక్తిని కొంచెం విడదీసి చూసుకోవడం మేలు. చేతులతో చేసే పని ఇష్టమా, ఆపరేషన్ థియేటరే కావాలా? మొదటిదైతే ఇంటర్నల్ మెడిసిన్ ద్వారా గ్యాస్ట్రోఎంటరాలజీ, క్రిటికల్ కేర్ వంటి దారులున్నాయి. రెండోదైతే ఒకటి రెండేళ్లు పరిశోధనలో గడపడానికి సిద్ధపడాలి, అప్పుడు కూడా సీటు రాకపోవచ్చని తెలిసే దిగాలి.

రెండు బ్రాంచిలకు దరఖాస్తు చేయడం చాలామంది పాటించే మధ్యేమార్గం. ఈరాస్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కు వేర్వేరు స్టేట్‌మెంట్, వేర్వేరు లేఖలు జతచేసే వీలుంది. దెబ్బతినేది చిన్న పొరపాట్ల వల్ల. సర్జరీ ప్రస్తావన ఉన్న లేఖ మెడిసిన్‌కు వెళ్లిపోతుంది, లేదా ఒకే ఆసుపత్రిలోని రెండు విభాగాలకూ దరఖాస్తు వెళ్లి వాళ్లు మాట్లాడుకుంటారు. ఇంకెక్కడ, ఏ బ్రాంచికి దరఖాస్తు చేశారని అభ్యర్థిని అడగకూడదని మ్యాచ్ నిర్వహించే ఎన్‌ఆర్‌ఎంపీ నియమావళి చెబుతోంది. అయినా ఎవరో ఒకరు అడుగుతారు. అబద్ధం ఆడకుండా, ఈ విభాగంలో తనకు నచ్చినదేమిటో చెప్పి మాట మళ్లించడమే మర్యాదైన మార్గం.

ఇంటర్వ్యూలు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి దాకా, ఇప్పుడు చాలావరకు వీడియోలోనే జరుగుతాయి. న్యూయార్క్‌లో నవంబరు ఉదయం 9 గంటలంటే మనకు రాత్రి 7.30. వంటింట్లో కుక్కర్ కూతపెట్టే వేళ, కరెంటు పోయే వేళ కూడా. గది తలుపు, ఇన్వర్టర్ ముందే చూసుకోవాలి. తయారీకి యాభై జవాబులు బట్టీ పట్టడం కంటే ఐదారు సంఘటనలు రాసిపెట్టుకోవడం మేలు: చేసిన తప్పు ఒకటి, పైవాళ్లతో అభిప్రాయభేదం ఒకటి, బ్రాంచిని ఎంచుకున్న సందర్భం ఒకటి, ఇలా. వాటిని ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఎక్కడ సాగదీస్తున్నారో, ఎక్కడ మాట చదువుతున్నట్టుగా ఉందో తెలిసిపోతుంది. స్కోరు తక్కువైనా, ఒకసారి ఫెయిలైనా రెండు వాక్యాల్లో కారణం, తర్వాత మార్చుకున్న పద్ధతి చెప్పి ఆపాలి. సంజాయిషీ పొడుగైతే లోపమూ పెద్దదవుతుంది.

చివరికి ‘ర్యాంకు’ అనే మాట మళ్లీ వస్తుంది, ఈసారి ఇచ్చేది అభ్యర్థి. ఇంటర్వ్యూలు అయ్యాక తనకు నచ్చిన వరుసలో ప్రోగ్రాముల జాబితా ఇవ్వాలి, ఆసుపత్రులూ అభ్యర్థుల జాబితా ఇస్తాయి. కంప్యూటర్ రెండింటినీ జత చేస్తుంది. 1998 నుంచి వాడుతున్న ఈ పద్ధతి అభ్యర్థి కోరికనే ముందుగా పరిశీలిస్తుంది. దాన్ని రూపొందించిన వారిలో ఒకరైన ఆల్విన్ రోత్‌కు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మన అభ్యర్థికి సైకియాట్రీలో నాలుగు, మెడిసిన్‌లో మూడు ఇంటర్వ్యూలు వచ్చాయనుకుందాం. నాలుగు సైకియాట్రీలను పైన, మూడు మెడిసిన్‌లను కింద రాస్తే, సైకియాట్రీ రాకపోయినా మెడిసిన్‌లో ఆమె అవకాశం ఏమీ తగ్గదు. మెడిసిన్‌ను మొదట రాసినప్పుడు ఎంత ఉండేదో అంతే ఉంటుంది. కౌన్సెలింగ్‌లో సీటు చేజారుతుందేమోనన్న భయానికి అలవాటుపడిన వాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. దొరికేలా ఉన్నదాన్ని పైన పెట్టి, కోరుకున్నదాన్ని కిందికి తోసి నష్టపోతారు. జాబితా కుదించడమూ తప్పే. 2024, 2025 మ్యాచ్‌లలో అమెరికా పౌరసత్వం లేని విదేశీ పట్టభద్రుల్లో సీటు వచ్చింది 58 శాతం దరిదాపుల్లో. జాబితా ఎంత పొడుగుంటే అవకాశం అంత మెరుగు. కానీ ససేమిరా చేరలేమనుకున్న చోటును మాత్రం అందులో రాయకూడదు, ఎందుకంటే మ్యాచ్ ఫలితానికి ఇద్దరూ కట్టుబడాలి.

తర్వాత మనసు మార్చుకోవచ్చులే అనుకోవడానికీ పెద్దగా చోటు లేదు. జే-1 వీసా మీద శిక్షణ పొందే డాక్టరు స్పెషాలిటీని ఒక్కసారే మార్చుకోగలరు, అదీ మొదటి రెండేళ్లలోపే.